తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద శుభ్రంగా కనిపించిన కటౌట్ ముదురు నీలం మీద పరువు తీసింది. పంపే ముందు మీరు ఎలా చెక్ చేస్తారు?

సగం_మాస్క్

అందరికీ నమస్తే. నిన్న గట్టి దెబ్బే తగిలింది, అందుకే అడుగుతున్నా. 38 ఫోటోల పని. ఒకే అమ్మాయి, ఉంగరాల నల్ల జుట్టు, తెల్ల కాటన్ చొక్కా, వెనక లేత బూడిద రంగు పేపర్. అన్నీ ఫోటోషాప్‌లో మాస్క్ చేశా. మామూలుగా కనిపించే తెలుపు-బూడిద గళ్ళ మీద చూశా, కింద తెల్ల లేయర్ పెట్టి కూడా చూశా. ఏ లోపమూ కనపడలేదు, PNGలు పంపేశా.

వాళ్ళు ముదురు నీలం బ్యానర్ మీద పెట్టి స్క్రీన్‌షాట్ పంపారు. జుట్టు చుట్టూ బూజు పట్టినట్టు తెల్లటి పొర. ఇంకా ఘోరం ఏంటంటే ఎడమ భుజం మీద చొక్కాలోంచి నీలం మచ్చలు తేలాయి, అంటే చొక్కాకి చిల్లులు పడ్డాయన్నమాట. నా స్క్రీన్ మీద అదే ఫైల్ మళ్ళీ తెరిచి చూశా, ఇప్పటికీ ఆ గళ్ళ మీద నాకేమీ కనపడట్లేదు! కళ్ళు పోయాయా, పద్ధతి తప్పా? మీరు ఏ రంగుల మీద చూసి పంపిస్తారు?

క్లిక్‌రాజా

కళ్ళకేం కాలేదు బ్రో. ఒకటి నల్లది, ఒకటి తెల్లది, రెండు లేయర్లు కింద పెట్టి చూస్తే చాలు, మిగతావన్నీ టైమ్ వేస్ట్. ఇక తెల్ల పొరకి Layer > Matting > Defringe కొట్టి 2 పిక్సెల్స్ ఇచ్చెయ్. నేను అన్ని ఫోటోలకీ యాక్షన్ పెట్టి ఒకేసారి లాగించేస్తా. రెండేళ్ళుగా ఒక్క కంప్లైంట్ రాలేదు.

కొత్తగా_చేరా

నాకూ గళ్ళతోనే సమస్య అండీ. నెట్‌లో PNG అని ఉన్న పువ్వు బొమ్మ దించుకున్నా, దాని వెనక గళ్ళు ఉన్నాయి, కానీ నా పోస్టర్ మీద పెడితే గళ్ళు కూడా వస్తున్నాయి. ఏ సెట్టింగ్ మార్చాలి?

పాతకత్తెర

@కొత్తగా_చేరా, మీది వేరే కథ అమ్మా. ఆ గళ్ళు బొమ్మలోనే అచ్చయ్యాయి, అది నిజమైన కటౌట్ కాదు. ఏ సెట్టింగూ లేదు, పువ్వుని మీరే మళ్ళీ కత్తిరించుకోవాలి. ప్రోగ్రామ్ చూపించే గళ్ళు ఫైల్‌లో ఉండవు, స్క్రీన్ మీద మాత్రమే ఉంటాయి.

@సగం_మాస్క్, నువ్వు చెప్పిన రెండు తప్పులూ రెండు జాతులవి, అది ముందు విడదీసుకో. చిల్లు మాస్క్‌లో ఉంటుంది. అంచు పొర రంగులో ఉంటుంది. అందుకే ఒకే బ్యాక్‌గ్రౌండ్ రెండిటినీ పట్టుకోలేదు.

ముందు జుట్టు. ఒక వెంట్రుక పిక్సెల్‌లో సగమే ఆక్రమించిందనుకో. వెంట్రుక అసలు రంగు 30, నీ పేపర్ 230. కెమెరా ఆ రెండూ కలిపి 130 అని రాసుకుంది. నీ మాస్క్ ఆ పిక్సెల్‌ని సగం పారదర్శకం చేసింది, అది కరెక్టే, కానీ లోపల మిగిలిన రంగు ఇంకా 130, 30 కాదు. దాన్ని తెలుపు మీద పెడితే 192 వస్తుంది. నిజంగా రావాల్సింది 142. అంటే వెంట్రుక కాస్త పలచబడినట్టు ఉంటుంది, అంతే, ఎవరూ తప్పు పట్టరు. అదే 20 దగ్గర ఉన్న ముదురు రంగు మీద పెట్టు. 25 రావాల్సిన చోట 75 వస్తుంది, మూడింతలు. అదే నీ బూజు. ఫోటో తీసినప్పుడు వెనక లేత రంగు ఉంటే చెక్ చేసేటప్పుడు ముదురు రంగు పెట్టాలి. వెనక ముదురు ఉండి ఉంటే లేతది. నువ్వు లేత పేపర్ ముందు తీసినదాన్ని లేత గళ్ళ మీద, ఆ పైన తెలుపు మీద చూశావు, దొంగని పట్టడానికి వాడి ఇంట్లోవాళ్ళనే కాపలా పెట్టినట్టు.

చొక్కా సంగతి సాయంత్రం రాస్తా, పని ఉంది.

పూసలదండ

పాతకత్తెర గారు చెప్పింది నిజం కానీ నగల పనిలో నా అనుభవం ఇంకో రకం. గొలుసు కటౌట్లు చేస్తా. తెల్ల టేబుల్ మీద తీస్తారు. నా తలనొప్పి చిల్లు పడటం కాదు, చిల్లు పడాల్సిన చోట పడకపోవడం. ప్రతి లింకు మధ్యలో చిన్న తెల్ల ముక్క ఉండిపోతుంది. బయటి అంచు చుట్టూ చూసి సరే అనుకుంటాం, లోపలివి మర్చిపోతాం. ఒకసారి 140 లింకుల గొలుసులో 11 మిగిలిపోయాయి, నల్ల వెల్వెట్ మీద పెట్టగానే పళ్ళలా మెరిశాయి.

అప్పటినుంచి నేను మెజెంటా మీద చూస్తున్నా. బంగారంలోనూ వెండిలోనూ ఆ రంగు ఉండదు కాబట్టి లింకు మధ్యలో మెజెంటా కాకుండా ఇంకేది కనపడినా అది పేపరే. చెయ్యి నడుము మీద పెట్టుకున్న మనిషి ఫోటోల్లో కూడా ఇదే చూడండి, మోచేతి సందులో ముక్క ఉండిపోతుంది. బ్యాగు పిడి లోపల కూడా.

క్లిక్‌రాజా

మెజెంటా ఎందుకు, నలుపు మీద కూడా అదే తెల్ల ముక్క కనపడుతుందిగా?

పూసలదండ

తెల్ల ముక్క అయితే కనపడుతుంది. లింకు నీడ పడిన ముక్క ముదురు బూడిదగా ఉంటుంది, నలుపులో కలిసిపోతుంది. నేను పోగొట్టుకున్న 11లో 4 అలాంటివే, నలుపు మీద చూసి కూడా వదిలేశా.

పాతకత్తెర

వచ్చా. ఇప్పుడు చొక్కా.

సగం_మాస్క్, నీ చొక్కాలో పూర్తి చిల్లు పడలేదనుకుంటా. 90 శాతం నిండి 10 శాతం పారదర్శకంగా మిగిలి ఉంటుంది. ఆటోమేటిక్ సెలెక్షన్ భుజం మీది వెలుగునీ వెనక పేపర్‌నీ ఒకటే అనుకుని సగం సగం వదిలేస్తుంది, లేదా మనమే మెత్తటి బ్రష్ తక్కువ ఓపాసిటీతో వేసి నిండిందనుకుంటాం. ఫోటోషాప్ మామూలు గళ్ళలో ఒకటి 255, ఇంకోటి 204, తేడా 51. అందులో 10 శాతమే చొక్కాలోంచి కనిపిస్తుంది, అంటే తేడా 5. తెల్ల గుడ్డ మీద, దాని మడతల మధ్య, 5 తేడా ఎవడికి కనపడుతుంది? నీ కళ్ళ తప్పు లేదు.

అవే గళ్ళు నలుపు-తెలుపు చేస్తే తేడా 25 అవుతుంది, భుజం మీద చదరంగం బల్ల తేలుతుంది. మార్చడం తేలికే. Preferences > Transparency & Gamut లోకి వెళ్ళి Grid Size దగ్గర Large పెట్టు, రెండు రంగుల చదరాల మీద నొక్కి నీకు కావాల్సిన రంగులు ఇచ్చుకో. ఫైల్‌కి ఏమీ కాదు, చూపు మాత్రమే మారుతుంది.

మరి చిల్లుకి ఒక్క ముదురు రంగు చాలదా అంటే, పూర్తి చిల్లు అయితే చాలు. సగం చిల్లుకి చాలదు. ఒకే రంగు 10 శాతం మేర సమంగా కారితే భుజం మీద నీడ పడిందనో గుడ్డ రంగే అంతనో మన బుర్ర సర్దుకుపోతుంది. గళ్ళు అయితే మధ్యలో తిన్నటి గీత వస్తుంది, గుడ్డలో అలాంటి గీత ఉండదని మనకి తెలుసు. అందుకే నేను చిల్లులకి గళ్ళు, అంచులకి ఒకే రంగు అని విడగొట్టుకున్నా. తిరగేస్తే పని చెయ్యదు. గళ్ళ మీద జుట్టు చూస్తే గళ్ళ అంచుల్లో వెంట్రుకలు కలిసిపోయి పొర ఉందో లేదో తెలియదు.

బ్యాచ్‌బాబు

దీనికి నాదో చిట్కా. గళ్ళని ప్రోగ్రామ్ సెట్టింగ్‌లో కాకుండా నిజం లేయర్‌గా చేసుకోండి, కటౌట్ కింద పెట్టి మూవ్ టూల్‌తో అటూ ఇటూ లాగండి. మనిషి కదలదు, గళ్ళు కదులుతాయి. చొక్కా లోపల ఏదైనా కదిలిందంటే అక్కడ చిల్లు ఉన్నట్టే. 5 శాతం ఉన్నది కూడా కదిలితే దొరికిపోతుంది. కదలకుండా ఉన్నదాన్ని ఎంత గుడ్లప్పగించి చూసినా పట్టలేం.

ఇంకా 38 ఫోటోలంటే కళ్ళకంటే ముందు మిషన్‌ని చూడమనండి. ImageMagick ఉంటే ఇవి రెండు.

```
magick cut.png -alpha extract -threshold 0 dust.png
magick cut.png -alpha extract -threshold 99.8% solid.png
```

మొదటిదాంట్లో ఒక్క శాతం నిండిన పిక్సెల్ కూడా తెల్లగా వస్తుంది, మనిషికి దూరంగా నల్లటి చోట తెల్ల చుక్కలు ఉంటే అవి తుడవకుండా మిగిలిన చెత్త. రెండోదాంట్లో పూర్తిగా నిండినవి మాత్రమే తెలుపు, కాబట్టి చొక్కా మధ్యలో నల్ల మచ్చ ఉంటే అదే మీ చిల్లు. అంచుల దగ్గర, జుట్టు దగ్గర నలుపు రావడం మామూలే, అది చూసి కంగారు పడకండి.

సగం_మాస్క్

బ్యాచ్‌బాబు అన్నా, రెండో కమాండ్ నడిపా. 38లో 9 ఫోటోల్లో భుజం దగ్గర నల్ల మచ్చలు ఉన్నాయి! స్క్రీన్‌షాట్ వచ్చింది ఒక్క ఫోటోకే, మిగతా 8 నాకసలు తెలియనే తెలియదు. ఒక ఫోటోలో కంటి తెల్లగుడ్డు కూడా నల్లగా వచ్చింది, దాని సంగతి ఏంటి?

పాతకత్తెర

కంటి తెల్లగుడ్డు, పళ్ళు, చెమట మెరుపు, గుండీ మెరుపు. లేత పేపర్ ముందు తీస్తే ఇవన్నీ సెలెక్షన్‌కి బ్యాక్‌గ్రౌండ్‌లాగే కనపడతాయి. వీటిని ప్రత్యేకంగా జూమ్ చేసి చూడాల్సిందే.

ఒక్క మాట, బ్యాచ్‌బాబు కమాండ్‌లు బాగున్నాయి కానీ అవి జుట్టు పొరని పట్టవు. మాస్క్ సరిగ్గానే ఉండి రంగు తప్పుగా ఉంటే ఆల్ఫా చూసి ఏం తెలుస్తుంది? మిషన్ చిల్లులు లేవంది కదా అని పంపేస్తే మళ్ళీ నీలం స్క్రీన్‌షాటే వస్తుంది.

బ్యాచ్‌బాబు

ఒప్పుకుంటా. పొర కోసం నేను రంగు మీద అతికించి చూసేది ఇది, ఒకేసారి అన్నీ చేసి ఫోల్డర్‌లో వరసగా తిప్పుతా.

```
magick cut.png -background "#0a1440" -flatten navy.png
```

PSD కాకుండా పంపబోయే PNGనే చూస్తానన్నది ఇందులో అసలు లాభం. ఒకసారి PSD శుభ్రంగా ఉంది, ఎగుమతి చేసేటప్పుడు PNG-8 నొక్కా, మ్యాట్ తెలుపు ఉంది. అంచులన్నీ తెలుపుతో కలిపేసి పంపింది. మాస్క్‌లో ఎంత వెతికినా తప్పు దొరకలేదు, దొరకదు కదా.

గాజుపని

నా పని గాజు సీసాలు. మీ గళ్ళ పరీక్ష నాకు పనికిరాదు, సీసాలోంచి గళ్ళు కనపడాలి మరి! నాకు తప్పేంటంటే కనపడకపోవడం. లేబుల్ దగ్గర కనపడకూడదు, గాజు దగ్గర కనపడాలి, ఆ రెండూ కలిసే చోట ఏది చిల్లు ఏది గాజు అనేది కళ్ళతోనే తేల్చుకోవాలి. బ్యాచ్‌బాబు రెండో కమాండ్ నడిపితే నా సీసాలో గాజంతా నల్లగా వస్తుంది.

క్లిక్‌రాజా

అందుకే అంటున్నా, ఇంత లోతు అక్కర్లేదు. క్లయింట్ ఏ రంగు మీద వాడతాడో అడిగి ఆ రంగు మీద చూస్తే అయిపోయిందిగా. Defringe ఉండనే ఉంది.

పాతకత్తెర

ఆ రంగు మీద చూడటం మంచిదే, నేనూ చూస్తా. కానీ PNG ఒకసారి చేతులు మారాక వాళ్ళు ఎక్కడైనా పెడతారు, ఇవాళ నీలం, పండగకి పసుపు. ఒక్క బ్యానర్ కోసమే అని రాసిచ్చిన పనైతే నీ మాట ఒప్పుకుంటా.

Defringe విషయంలో మాత్రం ఒప్పుకోను. అది అంచు పిక్సెల్స్ రంగు తీసేసి పక్కన లోపలున్న రంగు పూస్తుంది. పెట్టె, సీసా, ఫోన్ లాంటి గట్టి అంచుకి అద్భుతం. ఉంగరాల జుట్టుకి 2 పిక్సెల్స్ ఇస్తే వెంట్రుకే 2 పిక్సెల్స్ ఉంటుంది, పక్కన లోపల రంగు ఎక్కడిది? అట్టముక్కలా తయారవుతుంది. నీకు రెండేళ్ళు కంప్లైంట్ రాలేదంటే నువ్వు వస్తువులే ఎక్కువ చేసి ఉంటావు.

క్లిక్‌రాజా

చేసేది చెప్పులూ బూట్లే 😅 జుట్టు ఎప్పుడో ఒకసారి వస్తుంది. సరే, జుట్టుకి మీరేం చేస్తారు?

పాతకత్తెర

కటౌట్ మీద కొత్త లేయర్ పెట్టి దాన్ని కటౌట్‌కి క్లిప్ చేస్తా. లోపలి జుట్టు రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో అంచు మీద పైపైన వేస్తా. క్లిప్ అయింది కాబట్టి రంగు మాస్క్ దాటి బయటికి పోదు, పారదర్శకత మారదు, రంగు మాత్రమే సర్దుకుంటుంది. ఇది చేసేటప్పుడు కింద ముదురు నీలం లేయర్ ఉండాలి, ఎంతవరకు పోయిందో కంటి ముందే కనపడుతుంది. చివర్లో ఒకసారి తెలుపు మీద కూడా చూసుకోవాలి, లేకపోతే ఎక్కువ పూసి జుట్టు చుట్టూ నల్ల గీత గీసినట్టు అవుతుంది. ఈ తప్పు నీలం మీద కనపడదు.

చొక్కాకి మాస్క్ మీద గట్టి తెల్ల బ్రష్, 100 శాతం, అంచుకి కాస్త లోపలగా. కొందరు మాస్క్ మొత్తానికి లెవల్స్ వేసి 230 పైనవన్నీ 255 చేస్తారు. చిల్లులు పూడతాయి కానీ జుట్టు కూడా గట్టిపడుతుంది. చేస్తే చొక్కా వరకే సెలెక్ట్ చేసుకుని చెయ్యాలి.

పూసలదండ

మెజెంటా గురించి నేనే చెప్పా కాబట్టి దాని తప్పు కూడా చెప్తా. ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ ఉంటే కళ్ళకి ప్రతి అంచూ ఆకుపచ్చగా అనిపిస్తుంది. ఒకసారి లేని ఆకుపచ్చ పొరని అరగంట తుడిచా. ఇప్పుడు ముక్కలు వెతకడానికే మెజెంటా, అది కూడా ఒక నిమిషం, రంగు తేల్చుకోవాలంటే మామూలు బూడిద మీదికి మారతా. గులాబీ డ్రెస్ ఉంటే మెజెంటా అసలు వద్దు, అప్పుడు ఆకుపచ్చ పెట్టాలి.

బ్యాచ్‌బాబు

లేని పొర కనపడటం జూమ్ వల్ల కూడా జరుగుతుంది. 66.7 శాతంలో చూస్తే స్క్రీన్ పిక్సెల్స్‌ని కుదించి చూపిస్తుంది, అంచు వెంబడి సన్న గీతలు పుడతాయి. 100 లేదా 200లో చూసి అక్కడ కూడా ఉంటేనే తప్పు కింద లెక్కేయండి. ఐడ్రాపర్‌తో అంచు పిక్సెల్ రంగు చదివి చూసినా అనుమానం తీరిపోతుంది.

సగం_మాస్క్

నిన్నంతా కూర్చుని మళ్ళీ చేశా. ముందు కమాండ్‌లు, తర్వాత నలుపు-తెలుపు గళ్ళు లాగి చూడటం, తర్వాత ముదురు నీలం, చివర్లో తెలుపు. మొదటి నాలుగైదు ఫోటోలకి ఒక్కోదానికి పది నిమిషాలు పట్టింది, తర్వాత ఫోటోకి రెండు నిమిషాల్లోపే చూడగలిగా, సరిచెయ్యడానికి మాత్రం వేరే టైమ్ పట్టింది. 9 చొక్కాలు పూడ్చా. మొదటి కమాండ్‌లో 3 ఫోటోల్లో మూలల దగ్గర చెత్త చుక్కలు దొరికాయి, ఒకటి రెండు శాతం నిండినవి, ఏ రంగు మీదా కంటికి కనపడలేదు. కానీ వాటివల్లే ట్రిమ్ చేసినప్పుడు మనిషి చుట్టూ ఖాళీ మిగిలిపోతోందని ఇప్పుడు అర్థమైంది, క్లయింట్ అది కూడా అడిగాడు, నేను తేల్చలేక వాళ్ళ ప్రోగ్రామ్ తప్పేమో అన్నా 🙈

ఇంకో తింగరి పని కూడా చెప్తా, నవ్వుకోండి. ఒక PNGని కింద నీలం లేయర్ ఆన్‌లో ఉండగానే ఎగుమతి చేశా. PNG తెరిచి చూశా కాబట్టి పట్టుకున్నా.

ఒక్కటి మాత్రం తేలలేదు. 6 ఫోటోల్లో కుడి భుజం అంచున, చెంప అంచున సన్నటి వెలుగు గీత ఉంది. నీలం మీద అచ్చం పొరలాగే ఉంది. కానీ అసలు ఫోటో చూస్తే అది వెనక లైట్ పడి వచ్చిన మెరుపులా ఉంది. తీసెయ్యాలా, ఉంచాలా?

పాతకత్తెర

వెడల్పు చూడు. మిగిలిపోయిన పొర అంచంతా ఒకే మందంలో, ఒకటి రెండు పిక్సెల్స్ ఉంటుంది, వెలుగు వైపూ నీడ వైపూ తేడా లేకుండా చుట్టూ పోతుంది. లైట్ మెరుపు ఒక వైపే ఉంటుంది, లోపలికి మెల్లగా కరిగిపోతుంది, ఎముక దగ్గర మందంగా మడత దగ్గర సన్నగా మారుతుంది. నీది కుడి వైపే అంటున్నావు కాబట్టి మెరుపే అనుకుంటా. నేనైతే ఉంచుతా.

పూసలదండ

నేనైతే తగ్గిస్తా. మెరుపు నిజమే కావచ్చు, కానీ లేత పేపర్ ముందు నిజం అనిపించింది ముదురు నీలం బ్యానర్ మీద కత్తిరింపు తప్పులాగే కనపడుతుంది, చూసేవాడికి అసలు ఫోటో చూపించం కదా. సగానికి తగ్గించి పంపితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

పాతకత్తెర

రీటచ్‌కి డబ్బులిచ్చారా, కటౌట్‌కా? కటౌట్‌కే అయితే లైట్‌ని ముట్టుకోవడం మన పని కాదు.

గాజుపని

రెండు వెర్షన్లూ పంపెయ్ తమ్ముడూ, వాళ్ళే తేల్చుకుంటారు.

సగం_మాస్క్

ఆ 6 ఫోటోల్లో ఒకటి రెండు రకాలుగా చేసి నీలం మీద పెట్టి పంపా. ఇంకా జవాబు రాలేదు.